ఆక్సిజన్ ఆగిన రోజున రాయాల్సిన ఉత్తరం

2021 ఏప్రిల్ 22, గురువారం. ఆ ఉదయం జార్ఖండ్‌లో రెండు ఉత్తర్వులు ఒకేసారి అమల్లోకి వచ్చాయి. ఒకటి రాష్ట్ర ప్రభుత్వానిది. కరోనా రెండో అల కమ్ముకొస్తుండటంతో 'స్వాస్థ్య సురక్షా సప్తాహ్' పేరిట ప్రకటించిన పాక్షిక లాక్‌డౌన్ అది. రెండోది కేంద్రానిది. ఆస్పత్రుల్లో ప్రాణవాయువు చాలక జనం చనిపోతున్నందున పరిశ్రమలకు ఆక్సిజన్ సరఫరా నిలిపేయాలన్నది దాని సారాంశం. మొదటిదాని గురించి ఊరంతా మాట్లాడుకుంది. జంషెడ్‌పూర్‌కు ఖర్కాయీ నది అవతల ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో చిన్న షెడ్ల యజమానులను నిజంగా దెబ్బకొట్టింది మాత్రం రెండోది.

ఆ వారం, ఆ తర్వాతి వారం ఇలాంటి షెడ్లలో చాలామంది తమ ఖాతాదారులకు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. సరుకు ఆలస్యమవుతుంది, తప్పు మాది కాదు, గడువు పొడిగించండి అని. వ్యాపార భాషలో దీన్నే ఫోర్స్ మెజ్యూర్ నోటీసు అంటారు. మాట ఫ్రెంచిది. ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. మనిషి చేతిలో లేని ఆపదలను మన పెద్దలు దైవికం, రాజికం అని రెండుగా విడదీసేవారు. వరద దైవికం, సర్కారు ఉత్తర్వు రాజికం. ఆక్సిజన్ ఉదంతం అచ్చమైన రాజికం. అయినా అలాంటి సందర్భంలో కూడా ఉత్తరం తప్పుగా రాసి నష్టపోవడానికి బోలెడు అవకాశం ఉంది. అదెలాగో చూడాలంటే ముందు ఆ షెడ్డులో పనెలా జరుగుతుందో తెలియాలి.

ఉక్కు నగరంలో ఉక్కు కోసేవాడికి ఆక్సిజన్ ఎందుకన్న అనుమానం సహజం. గ్యాస్ కటింగ్‌లో ఇనుప పలకను నిజానికి కరిగించరు, కాలుస్తారు. ఎల్పీజీ లేదా ఎసిటిలీన్ మంటతో ఒక చోట ఎర్రగా కాల్చి, దానిమీదికి స్వచ్ఛమైన ఆక్సిజన్ ధారను వదిలితే ఆ గీత వెంబడి ఇనుమే మండిపోయి విడిపోతుంది. అందుకే 25 మిల్లీమీటర్ల పలకైనా, 40 మిల్లీమీటర్ల పలకైనా చిన్న టార్చితో కోసేయవచ్చు. షెడ్లలో కనిపించే నిలువెత్తు సిలిండర్‌లో సుమారు 7 ఘనపు మీటర్ల వాయువు ఉంటుంది. మందపాటి పలక కోస్తుంటే గంటన్నర, రెండు గంటల్లో అది ఖాళీ. కాబట్టి రోజూ సిలిండర్ల బండి రావాల్సిందే. ఆ బండి వచ్చేది నింపుడు కేంద్రం నుంచి, ఆ కేంద్రానికి వచ్చేది ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్.

ఏప్రిల్ 18న ప్రకటించి 22 నుంచి అమలుచేసిన నిషేధంలో తొమ్మిది రకాల పరిశ్రమలకు మినహాయింపు ఇచ్చారు. మందుల కంపెనీలు, చమురు శుద్ధి కర్మాగారాలు, అణు విద్యుత్ కేంద్రాలతోపాటు ఉక్కు కర్మాగారాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అంటే నది ఇవతల ఉన్న పెద్ద కర్మాగారానికి మినహాయింపు ఉంది, అక్కడ తయారైన పలకను కోసి కమ్మీలు, బ్రాకెట్లు చేసే అవతలి షెడ్డుకు లేదు. మూడు రోజులకే, ఏప్రిల్ 25 ఆదివారం నాడు, కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద మరింత కఠినమైన ఉత్తర్వు ఇచ్చింది. ద్రవ ఆక్సిజన్‌ను వైద్యానికి తప్ప మరి దేనికీ వాడరాదు, నిల్వలు సహా అంతా ప్రభుత్వానికే అందుబాటులో ఉంచాలి, ఏ పరిశ్రమకూ మినహాయింపు లేదు అని అందులో స్పష్టంగా రాశారు. జంషెడ్‌పూర్ ఆక్సిజన్ అప్పటికే ఆస్పత్రుల దారి పట్టింది. మే 11న బెంగళూరు చేరిన తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరింది టాటానగర్ నుంచే. ఆరు కంటైనర్లలో 120 టన్నులు మోసుకెళ్లింది.

ఇక ఉత్తరం సంగతి. ఒక ఉదాహరణ కట్టుకుందాం. ఉత్తర్వులు, వాటి తేదీలు పైన చెప్పినవే. షెడ్డు, ఆర్డరు, అంకెలు మాత్రం మనం ఊహించుకున్నవి.

ఆదిత్యపూర్‌లో ఇరవై మంది పనిచేసే ఒక ఫాబ్రికేషన్ షెడ్డు ఉందనుకోండి. విశాఖపట్నంలోని ఒక కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ నుంచి 48 టన్నుల కన్వేయర్ ఆధారాల ఆర్డరు తీసుకుంది. టన్ను లక్ష రూపాయలు. 16 టన్నుల చొప్పున మూడు విడతలు, మే 5న, మే 26న, జూన్ 16న పంపాలి. ఆలస్యమైతే వారానికి అర శాతం చొప్పున, గరిష్ఠంగా 10 శాతం దాకా బిల్లులో కోత పడుతుంది. ఈ కోతకే ఎల్‌డీ అని పేరు. ఫోర్స్ మెజ్యూర్ సంభవిస్తే 7 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలన్న షరతు కూడా ఆర్డరు వెనక పేజీలో, ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో ఉంది.

షెడ్డు లెక్క ఇదీ. ఒక విడత పలకలు కోయడానికి 18 పనిదినాలు, అంటే సరిగ్గా మూడు వారాలు. కోత పూర్తయ్యాక అతుకులు, రంగు, తనిఖీ, లోడింగ్ కలిపి ఇంకో 11 రోజులు. మొదటి విడత కోత ఏప్రిల్ 5న మొదలై 24న ముగియాలి. రెండోది 26న మొదలవ్వాలి.

22న డీలరు బండి రాలేదు. షెడ్డులో ఉన్న సిలిండర్లతో మొదటి విడత కోత 24 నాటికి అనుకున్నట్టే పూర్తయింది. 25 నాటి ఉత్తర్వు చూశాక మిగిలిన ఆరు నిండు సిలిండర్లను యజమాని 26న జిల్లా యంత్రాంగానికి అప్పగించి రసీదు తీసుకున్నాడు. అదే రోజు రెండో విడత ఆగిపోయింది.

ఇప్పుడు మామూలుగా వెళ్లే ఉత్తరం ఎలా ఉంటుంది? 'కోవిడ్ మహమ్మారి, లాక్‌డౌన్ కారణంగా మా చేతిలో లేని పరిస్థితుల్లో సరఫరా ఆలస్యమవుతోంది. దయచేసి గడువు రెండు నెలలు పొడిగించ ప్రార్థన.' ఇంతే. 2020లో ఇలాంటివి వేలల్లో వెళ్లి ఉంటాయి. ఈ రెండు వాక్యాల్లో మూడు తప్పులున్నాయి.

మొదటిది కారణం. జార్ఖండ్ పాక్షిక లాక్‌డౌన్‌లో దుకాణాలు, గుడులు, జనం గుమిగూడటం మీద ఆంక్షలు పెట్టారు గానీ పరిశ్రమలు, గనులు, నిర్మాణ పనులు నడుపుకోనిచ్చారు. విశాఖలో కూర్చున్న కొనుగోలు అధికారి ఆ ఉత్తర్వు తెప్పించుకుని చదివితే చాలు, 'మీ రాష్ట్రంలో ఫ్యాక్టరీలు తెరిచే ఉన్నాయి కదా' అని ఒక్క వాక్యంలో కొట్టిపారేస్తాడు. కోర్టులు కూడా ఈ విషయంలో దయాదాక్షిణ్యాలు చూపలేదు. కొరియా నుంచి ఉక్కు దిగుమతి చేసుకున్న వ్యాపారులు కొందరు లాక్‌డౌన్ పేరు చెప్పి లెటర్ ఆఫ్ క్రెడిట్ చెల్లింపులు ఆపించాలని కోరితే 2020 ఏప్రిల్ 8న బాంబే హైకోర్టు ఒప్పుకోలేదు. ఉక్కు పంపిణీ అత్యవసర సేవల కిందికి వస్తుంది, దాని రవాణాకు ఆటంకం లేదు, లాక్‌డౌన్ కొద్దికాలమే ఉంటుంది, పైగా ఒప్పందంలోని ఆ నిబంధన అమ్మినవాడి కోసం రాసుకున్నదే అని తేల్చింది. మహమ్మారి ఉందా లేదా అన్నది కోర్టుకు ప్రశ్నే కాలేదు. అది ఈ పనిని, ఈ ఒప్పందాన్ని ఎలా ఆపిందన్నదే చూసింది.

రెండోది సాక్ష్యం. ఆ ఉత్తరంలో అసలు లేనే లేదు. మూడోది గడువు. 'రెండు నెలలు' ఎక్కడి నుంచి వచ్చిందో రాసినవాడికే తెలియదు.

మన షెడ్డు యజమాని ఏప్రిల్ 27న, ఆక్సిజన్ ఆగిన ఆరో రోజున, రాయాల్సిన ఉత్తరం ఇంచుమించు ఇలా ఉండాలి. నిజానికి ఇంగ్లీషులోనే వెళ్తుంది. తెలుగులో చెప్పుకుంటే:

'అయ్యా, మీ ఆర్డరులోని ఫోర్స్ మెజ్యూర్ నిబంధన కింద ఇది నోటీసు. మొదటి విడత 16 టన్నులు మే 5న యథాప్రకారం బయలుదేరుతాయి. దానిపై మేం ఎలాంటి మినహాయింపూ కోరడం లేదు. రెండు, మూడు విడతల్లో 12 మిల్లీమీటర్లకు మించిన మందం గల పలకలను ఆక్సిజన్ కటింగ్‌తోనే కోయాలి. ఇవి విడతకు 11 టన్నులు. ఏప్రిల్ 22 నుంచి మాకు ఆక్సిజన్ సరఫరా ఆగింది. ఏప్రిల్ 25 నాటి కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ప్రకారం పరిశ్రమలకు దాని వాడకం పూర్తిగా నిషిద్ధం. మిగిలిన 5 టన్నుల పలుచటి పలకలను పక్క యూనిట్‌లోని షీరింగ్ మిషన్ మీద మా ఖర్చుతో కోయిస్తున్నాం. మీకు పనికొస్తే వాటిని విడిగా ముందే పంపగలం. ఆక్సిజన్ పూర్తి స్థాయిలో అందిన రోజు నుంచి 25 రోజుల్లో రెండో విడత, 40 రోజుల్లో మూడో విడత పంపుతాం. ప్రతి సోమవారం పరిస్థితి తెలియజేస్తాం. సరఫరా మొదలైన మూడు రోజుల్లో కచ్చితమైన తేదీలతో మళ్లీ రాస్తాం.'

ఈ ఉత్తరంలో యజమాని ఏం అడగలేదో ముందు గమనించాలి. మొదటి విడత జోలికి పోలేదు. కష్టకాలం కదా, పనిలో పనిగా దాన్ని కూడా కలిపేద్దామన్న ఆశ అందరికీ ఉంటుంది. కానీ 24 నాటికే కోత అయిపోయిన విడతను ఆక్సిజన్ ఖాతాలో రాస్తే, అవతలి ఇంజినీరు అక్కడే పట్టుకుంటాడు. వెల్డింగ్‌కు ఆక్సిజన్ అక్కర్లేదని, రంగు వేయడానికి అంతకన్నా అక్కర్లేదని అతనికి తెలుసు. ఒక అబద్ధం దొరికాక మిగతా నిజాలకూ విలువుండదు. రాజస్థాన్ చమురు బావుల పనిలో ఒక విదేశీ కాంట్రాక్టరు కంపెనీ, వేదాంత మధ్య వివాదంలో 2020 మే 29న ఢిల్లీ హైకోర్టు చెప్పింది ఇదే తరహా మాట. 2019 సెప్టెంబరు నుంచే పని వెనకబడిన కాంట్రాక్టరు మార్చిలో వచ్చిన మహమ్మారిని అడ్డు పెట్టుకోవడం కుదరదంది. పాత ఆలస్యానికి కొత్త ఆపద ముసుగు వేయలేరు.

తేదీ చెప్పలేని దశలో లెక్క చెప్పడం ఈ ఉత్తరంలోని రెండో తెలివి. ఏప్రిల్ 27న నిషేధం ఎప్పుడు ఎత్తేస్తారో ఢిల్లీలో ఉత్తర్వు రాసినవారికే తెలియదు. అలాంటప్పుడు ఒక తేదీ రాసి, అది దాటిపోతే, ఆ రోజు నుంచి ఆలస్యం మన సొంతమైపోతుంది. అందుకే 'ఆక్సిజన్ వచ్చిన నాటి నుంచి ఇన్ని రోజులు' అని రాయాలి. ఆ రోజుల లెక్కకు పాత షెడ్యూలే ఆధారం. 16 టన్నులకు 18 రోజులైతే 11 టన్నులకు 13 రోజులు. మధ్యలో ఆదివారాలు పోతాయి. ఆపై అవే 11 రోజులు. కూడితే 25. అవతలివాడు తన కాలిక్యులేటర్‌తో సరిచూసుకోగలడు.

జత చేయాల్సిన కాగితాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చిన్న యూనిట్లు తడబడేది ఇక్కడే. చాలామంది ప్రభుత్వ ఉత్తర్వు ప్రతి ఒక్కటి జతచేసి ఊరుకుంటారు. అది దేశమంతటికీ వర్తించే కాగితం. దాని వల్ల ఈ షెడ్డులో ఈ పలకలు ఆగాయని రుజువు కాదు. గొలుసులో ప్రతి లంకెకూ ఒక కాగితం కావాలి. సిలిండర్లు ఇవ్వలేనని డీలరు లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ఉత్తరం, మార్చి, ఏప్రిల్ నెలల సిలిండర్ల చలానాలు. చలానాలు ఎందుకంటే రోజుకు ఎన్ని వాడేవారో, ఏ రోజుతో ఆగాయో వాటిలోనే కనిపిస్తుంది. ఆరు సిలిండర్లు అప్పగించిన రసీదు. పలకలు ముందే కొని షెడ్డులో పెట్టినట్టు చూపే ఇన్‌వాయిస్. ఇది అతి ముఖ్యం. ముడిసరుకే లేకపోతే ఆక్సిజన్ ఉన్నా పని జరిగేది కాదని అవతలివారు అనవచ్చు. కోత కోసం గీతలు గీసి సిద్ధంగా ఉన్న పలకల ఫొటోలు, తేదీతో. చివరగా, ప్లాస్మా కటింగ్ చేసే రెండు యూనిట్లను అడిగితే తమ యంత్రాలు 20 మిల్లీమీటర్లకు మించి కోయలేవని ఇచ్చిన జవాబు. వేరే దారి వెతికామని చెప్పడం తేలిక. వెతికినట్టు చూపించేది ఆ జవాబే.

వాణిజ్య మండలి ఇచ్చే సర్టిఫికెట్ సంగతేమిటని అడిగేవారుంటారు. 2020లో చైనాలో ప్రభుత్వ ప్రోత్సాహంతో నడిచే వాణిజ్య మండలి ఇలాంటివి వేలాదిగా జారీచేసింది. దొరికితే జతచేయడంలో తప్పు లేదు. అయితే ఊళ్లో ఫలానా పరిస్థితి ఉందని మాత్రమే అది చెబుతుంది. ఖాతాదారు దానికి కట్టుబడాలని ఎక్కడా లేదు. డీలరు చలానా ముందు అది తేలిపోతుంది.

ధర మాటేమిటన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. మూడు రెట్లు ఇస్తే ఎవరో దొంగచాటుగా సిలిండర్లు తెచ్చిస్తామన్నారనుకోండి. 25 నాటి ఉత్తర్వు తర్వాత అది నేరం కాబట్టి ఆ మాట ఉత్తరంలో అక్కర్లేదు. కానీ నిషేధం లేకుండా ధర మాత్రమే పెరిగి ఉంటే ఫోర్స్ మెజ్యూర్ వర్తించేది కాదు. ఇండొనేసియాలో చట్టం మారి బొగ్గు ధర ఎగబాకినప్పుడు ముంద్రాలోని విద్యుత్ కంపెనీలు ఈ వాదన చేశాయి. పని భారమైనంత మాత్రాన అసాధ్యం కాదని 2017 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. అదే కారణంతో గిరాకీ తగ్గడం కూడా ఈ గొడుగు కిందికి రాదు. 2019 మందగమనంలో జంషెడ్‌పూర్‌లో టాటా మోటార్స్ విడతలవారీగా ఉత్పత్తి ఆపినప్పుడు దాన్నే నమ్ముకున్న ఆదిత్యపూర్ షెడ్లు మూతపడ్డాయి. ఆ దెబ్బ ఆక్సిజన్ కన్నా తక్కువదేమీ కాదు. అయినా తమ సొంత సరఫరాదారులకు బాకీ ఎగ్గొట్టడానికి అది చట్టబద్ధమైన కారణం కాలేదు.

ఉదాహరణకు తిరిగొద్దాం. మే అంతా ఆక్సిజన్ లేదు. తర్వాత రోగుల సంఖ్య తగ్గేకొద్దీ ప్రభుత్వం ఆంక్షలను దశలవారీగా సడలించింది. మన షెడ్డుకు తొలి సిలిండర్లు జూన్ 7 సోమవారం వచ్చాయనుకుందాం. అదీ మొదటి వారం సగమే. పలుచటి పలకలు రెండు విడతలవీ ఈలోగా కోసి అతికేశారు. మిగిలింది 22 టన్నుల మందపాటి పలక. జూన్ 9న రెండో ఉత్తరం వెళ్లింది. ఈసారి తేదీలతో.

మొదటి వారం సగం వేగం, అంటే దాదాపు 2.7 టన్నులు. రెండో విడతలో మిగతా 8.3 టన్నులకు 10 పనిదినాలు. జూన్ 24న కోత పూర్తి, జూలై 5న సరుకు బయలుదేరుతుంది. మూడో విడత కోత జూన్ 25 నుంచి జూలై 9 దాకా, పంపేది జూలై 20న. పాత తేదీలతో పోలిస్తే రెండో విడత 40 రోజులు, మూడో విడత 34 రోజులు ఆలస్యం. సగం సరఫరా వల్ల మొదటి ఉత్తరంలో చెప్పిన 25, 40 రోజులు 28, 43 అయ్యాయి. ఆ మూడు రోజుల తేడాకు డీలరు జూన్ చలానాలు జత.

పని ఆగింది ఏప్రిల్ 26 నుంచి జూన్ 6 దాకా 42 రోజులు. అయినా యజమాని అడిగింది 40, 34 రోజులు. షీరింగ్ మిషన్ మీద చేయించిన పని ఇక్కడ కనిపిస్తుంది. అంతా అలవాటుగా ఆగిన రోజులన్నిటినీ పాత తేదీకి కలిపేసి అడుగుతారు. అలా అడిగితే జూలై 7, జూలై 28 వచ్చేవి. ఇచ్చినా ఇస్తారేమో. కానీ ప్రభుత్వరంగ సంస్థలో ఈ ఫైలు కొనుగోలు విభాగంతో ఆగదు. ఫైనాన్స్‌కు వెళ్తుంది, ఎప్పుడో ఆడిట్‌కు వెళ్తుంది. 42 రోజులు ఎందుకిచ్చారని అడిగితే అధికారి దగ్గర జవాబుండాలి. ఆ జవాబు ఉత్తరంలోనే దొరికితే అతను ధైర్యంగా సంతకం పెడతాడు. ఒక రకంగా ఈ ఉత్తరాలు రాసేది ఖాతాదారుకు కాదు, అతని ఆడిటరుకు.

ప్రభుత్వ కొనుగోళ్లకు ఇంకొన్ని కట్టుబాట్లున్నాయి. కేంద్ర ఆర్థికశాఖ 2017 నాటి కొనుగోలు మాన్యువల్ ప్రకారం ఫోర్స్ మెజ్యూర్ సంభవించగానే నోటీసు ఇవ్వాలి, అంతా అయ్యాక వెనక్కి తిరిగి అడగటం చెల్లదు. అది బాధ్యతను రద్దు చేయదు, ఆ ఆపద ఉన్నంతకాలం వాయిదా వేస్తుందంతే. 90 రోజులు దాటితే ఎవరైనా సరే ఒప్పందాన్ని నష్టపరిహారం లేకుండా వదులుకోవచ్చు. మన షెడ్డు 42 రోజులతో బయటపడింది గానీ, ఆక్సిజన్ జూలై నెలాఖరు దాకా రాకపోయి ఉంటే విశాఖ సంస్థ ఆర్డరు రద్దు చేసుకునేది. అప్పుడు ముందే కొన్న పలకలు యజమాని నెత్తినే.

ఆ మాన్యువల్‌లోనే మరో చిన్న మాట ఉంది. ఊహించదగ్గ వానలు, రుతువు ప్రకారం వచ్చే వానలు ఫోర్స్ మెజ్యూర్ కావని. జంషెడ్‌పూర్ వాళ్లు ఆ మాటను ఇప్పుడు వానలకన్నా రైళ్ల విషయంలో గుర్తుంచుకోవాల్సి వస్తోంది. తమను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చాలంటూ కుర్మీలు 2022 సెప్టెంబరులో, మళ్లీ 2023 ఏప్రిల్‌లో ఖరగ్‌పూర్, టాటానగర్ మధ్య ఖేమాసులీ దగ్గర రోజుల తరబడి రైలు మార్గాన్ని, పక్కనే ఉన్న జాతీయ రహదారిని దిగ్బంధించారు. మొదటిసారి దాన్ని ఎవరూ ఊహించలేదనవచ్చు. రెండోసారికి ముందే ఆందోళన తేదీ ప్రకటించారు. పత్రికల్లో వచ్చాక కూడా అదే దారిన సరుకు పంపి, ఆగిపోయిందని ఉత్తరం రాస్తే, రాంచీ మీదుగా ఎందుకు పంపలేదని అడిగే హక్కు ఖాతాదారుకు ఉంటుంది. ఈమధ్య కొత్త ఒప్పందాలు రాసుకునేవారు ఇలాంటి ఆపదలను పేరు పెట్టి నిబంధనలో చేర్చుకోవడం మంచిది. 'మా చేతిలో లేని ఇతర కారణాలు' అన్న తోక మీద ఆధారపడితే వాదన మిగులుతుంది, డబ్బు మిగలదు.

విశాఖ నుంచి జవాబు ఏమొస్తుంది? అనుభవజ్ఞులు చెప్పే మామూలు జవాబు ఒకటుంది. 'మీరు కోరిన తేదీల దాకా గడువు పొడిగిస్తున్నాం, అయితే ఎల్‌డీ విధించే మా హక్కును అట్టిపెట్టుకుంటున్నాం.' కొత్తవాళ్లు దీన్ని చూసి గెలిచామనుకుంటారు. కాదు. ఆర్డరు రద్దు కాలేదు, అంతే. కోత సంగతి చివరి బిల్లులో తేలుతుంది. 40 రోజులంటే ఆరు వారాలుగా లెక్కించి మూడు శాతం, 16 లక్షల మీద 48 వేలు. 34 రోజులంటే అయిదు వారాలు, రెండున్నర శాతం, 40 వేలు. మొత్తం 88 వేలు. ఇరవై మంది పనివాళ్లున్న షెడ్డులో అది చిన్న మొత్తం కాదు. కాబట్టి ఆ జవాబు వచ్చిన రోజే, 'హక్కును అట్టిపెట్టుకోవడాన్ని మేం అంగీకరించడం లేదు, ఏప్రిల్ 27, జూన్ 9 నాటి మా ఉత్తరాలు చూడండి' అని రెండు వాక్యాలు తిరిగి రాయాలి. మౌనం తర్వాత ఒప్పుకోలుగా మారుతుంది.

రాసినా కోత పడేవాళ్లకు పడింది. ఎంతగా పడిందో ప్రభుత్వమే రెండేళ్ల తర్వాత ఒప్పుకుంది. కోవిడ్ కాలంలో కేంద్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు చిన్న పరిశ్రమల నుంచి కోసుకున్న ఎల్‌డీలో, జప్తు చేసిన డిపాజిట్లలో 95 శాతం తిరిగిస్తామంటూ 2023లో 'వివాద్ సే విశ్వాస్' పథకం తెచ్చింది. అసలు గడువు 2020 ఫిబ్రవరి 19కి, 2022 మార్చి 31కి మధ్య ముగిసిన ఒప్పందాలకు అది వర్తించింది. మన ఊహా షెడ్డుకు కోత పడి ఉంటే 88 వేలలో 83,600 వెనక్కి వచ్చేవి. దరఖాస్తుకు చివరి తేదీ మొదట జూన్ 30, తర్వాత జూలై 31. ప్రైవేటు ఖాతాదారుల దగ్గర కోత పడ్డవారికి ఆ పథకంలో చోటు లేదు. వారికి మిగిలింది 2021 ఏప్రిల్ చివరి వారంలో తాము రాసిన ఉత్తరం, దానికి జతచేసిన చలానాలు.